చైనా భాగస్వామికి వసంతోత్సవ కానుక: అంకెలు, రంగులు చూసుకుని ఇచ్చిన తీరు

మేము గుంటూరు నుంచి తేజ మిర్చి ఎగుమతి చేస్తాం. సరుకులో ఎక్కువ వంతు చైనాలోని షాండాంగ్ ప్రావిన్సుకు, చింగ్‌దావ్ నగరం కిందికి వచ్చే జియావ్‌జౌకు పోతుంది. మిర్చి దిగుమతి చేసుకుని శుభ్రం చేసి, పొడి కొట్టి, మళ్లీ వేరే దేశాలకు పంపే ఫ్యాక్టరీలు అక్కడ చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని యజమానితో మాకు వ్యాపారం. ఆయన మాట్లాడేది మాండరిన్. ఇంగ్లీషు అంతంతమాత్రం. మా మధ్య రాతకోతలన్నీ ఆయన ఆఫీసులో ఇంగ్లీషు తెలిసిన అమ్మాయి ద్వారా, ఈమెయిల్‌లో నడుస్తాయి. చైనా వాళ్ల చాటింగ్ యాప్ వీచాట్ 2020 జూన్‌లోనే మన దేశంలో నిషేధమైంది కాబట్టి ఆ దారి లేదు.

మిర్చి వ్యాపారానికి వాళ్ల కొత్త సంవత్సరం, అదే వసంతోత్సవం, ఒక ఇబ్బందికరమైన సమయంలో వస్తుంది. మన యార్డుకు కొత్త పంట రావడం మొదలై, రోజురోజుకూ మిర్చి బస్తాలు పెరిగే సమయానికి అక్కడ ఫ్యాక్టరీలకు తాళాలు పడతాయి. 2026లో వాళ్ల కొత్త సంవత్సరం ఫిబ్రవరి 17న వచ్చింది. ప్రభుత్వ సెలవులు 15 నుంచి 23 దాకా, తొమ్మిది రోజులు. పనివాళ్లు సొంతూళ్లకు వెళ్లి తిరిగొచ్చేదాకా లెక్క వేస్తే ఫ్యాక్టరీ ఆగేది అంతకంటే ఎక్కువే. ఆ విరామానికి ముందు మనం చెప్పే మాట, ఇచ్చే వస్తువు వాళ్ల మనసులో నిలబడతాయి. మళ్లీ తలుపులు తెరిచాక మొదటి ఆర్డరు ఎవరికి పెట్టాలన్న ఆలోచన కూడా ఆ రోజుల్లోనే నడుస్తుంది.

మిగతా కొనుగోలుదారులందరికీ మేము డిసెంబరులో డైరీ, క్యాలెండరు పంపుతాం. ఈసారి ఆయన జనవరి చివర్లో పంట చూడటానికి స్వయంగా గుంటూరు వస్తున్నానని రాశారు. చేతికి ఇచ్చే అవకాశం కాబట్టి పద్ధతిగా ఇద్దామనుకున్నాను. మా పెద్దమ్మ కూతురు షాండాంగ్‌లోనే ఎంబీబీఎస్ చదివి వచ్చింది. అక్కడి ఇళ్లలో పండగ చేసుకున్న మనిషి. ఇప్పుడు విజయవాడలో పనిచేస్తోంది. ఒక ఆదివారం ఆమెను కూర్చోబెట్టి, మా ఆఫీసులో తయారైన కానుకల జాబితా చేతిలో పెట్టాను.

జాబితాలో మొదటిది కంపెనీ పేరున్న గోడ గడియారం. గుంటూరులో కమీషను కొట్లన్నిటిలోనూ ఎవరో ఒకరు ఇచ్చిన గడియారం వేలాడుతూ ఉంటుంది. అంత మామూలు కానుక. చెల్లి చదవగానే దాని మీద గీత కొట్టేసింది. "అన్నయ్యా, ఇది మాత్రం కలలో కూడా వద్దు" అంది. మాండరిన్‌లో గడియారం ఇవ్వడాన్ని 'సోంగ్ జోంగ్' అంటారు. పోయే మనిషిని చివరి ఘడియల్లో దగ్గరుండి సాగనంపడాన్ని కూడా అచ్చంగా అలాగే పలుకుతారు. రాతలో తేడా ఉంది, వినికిడిలో లేదు. పెద్ద వయసువాళ్లకు గడియారం ఇస్తే నీ కాలం దగ్గరపడిందని చెప్పినట్టే. చేతి గడియారానికి వాళ్ల భాషలో వేరే మాట ఉంది కాబట్టి దానికి అంత పట్టింపు లేదు. గోడ గడియారం, బల్ల మీది గడియారం, అలారం గడియారం ఏవీ పనికిరావు.

తర్వాత గొడుగు. దాని పేరు 'సాన్', విడిపోవడమూ 'సాన్' లాగే వినపడుతుంది. భాగస్వామికి ఇచ్చేదేనా అది? డ్రై ఫ్రూట్స్ పెట్టెతో పాటు వచ్చే కత్తుల సెట్టు కూడా పోయింది, కత్తి బంధాన్ని తెంచుతుందని అక్కడి పట్టింపు. చేతిరుమాళ్ల పెట్టె కన్నీళ్లకు, వీడ్కోలుకు గుర్తట. ఇవన్నీ మన దగ్గర ఆలోచించకుండా ఇచ్చేసే వస్తువులే.

ఇంట్లో నాన్నగారు మరో మాట అన్నారు. "మంగళగిరి జరీ అంచు తెల్ల పంచె పెట్టరా, పెద్దమనిషికి బట్టలు పెట్టడం మర్యాద" అని. మనకు మధుపర్కాలు తెలుపే, పెద్దలకు పెట్టే పంచె తెలుపే, గుడికి కట్టుకునేదీ తెలుపే. వాళ్లకు తెల్ల బట్ట చావింటి బట్ట. తండ్రి పోతే కొడుకులు, కోడళ్లు కట్టుకునేది అదే. నాన్నగారికి ఇది చెబితే కాసేపు ఆలోచించి, "అయితే పండగ పూట వద్దులే" అని ఒప్పుకున్నారు. హైదరాబాదులో మాకు సరుకు పంపే ఒకాయన బిద్రీ పనితనం ఉన్న పూలకుండీ ఇమ్మన్నారు. బిద్రీ నాకు చాలా ఇష్టం. కానీ అది నల్లటి లోహం మీద వెండి పొదుగు. నలుపు, తెలుపు రెండూ కలిసిన వస్తువు పండగ కానుకగా చైనా ఇంట్లోకి పోవడం బాగుండదు. వేరే సందర్భంలో, కళ తెలిసిన మనిషికైతే నేనే సంతోషంగా ఇస్తాను.

రంగుల విషయంలో చెల్లి బాగా నొక్కి చెప్పిన మాట ఇంకొకటి ఉంది. మా కంపెనీ గుర్తు ఆకుపచ్చది. యార్డులో పనిచేసే వాళ్లకు, వచ్చే అతిథులకు ఎండకు పెట్టుకోవడానికి ఆకుపచ్చ టోపీలు ఇస్తాం. ఆకుపచ్చ రంగు వాళ్లకు చెడ్డది కాదు. ఆకుపచ్చ టోపీ మాత్రం చాలా చెడ్డది. ఫలానా మగవాడు ఆకుపచ్చ టోపీ పెట్టుకున్నాడంటే అతని భార్య వేరొకరితో ఉంటోందని అర్థం. ఏ చైనా మగవాడూ ఆ టోపీ నెత్తిన పెట్టుకోడు, చేతికిస్తే ముఖం మారిపోతుంది. ఆయన వచ్చే వారానికి ముందే ఎరుపు టోపీలు కుట్టించి, పాతవి గోదాములో కనపడకుండా పెట్టించాను. కానుకల జాబితాలో లేని వస్తువు ఇది, అయినా వచ్చిన రోజునే ఎండలో ఎవరో ఒకరు ఆయన చేతిలో పెట్టేసేవాళ్లు.

చివరికి ఏం ఇవ్వాలన్నది రంగే తేల్చింది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను చర్కీ మీద తిప్పుతూ లక్క పట్టించి బొమ్మలు చేస్తారు. ఆ లక్క ఎరుపు, పసుపు మెరుపు చూస్తే పండగ కోసమే చేసినట్టుంటుంది. ఏడాదికో జంతువు చొప్పున పన్నెండేళ్లకు తిరిగే వాళ్ల లెక్కలో 2026 గుర్రం సంవత్సరం. ఏటికొప్పాక గుర్రాలు రెండు, ఎర్ర లక్కతో, పసుపు గీతలతో చేయించాలని ఖాయం చేశాను. ఒకటి కాదు, జత. శుభకార్యంలో ఏదైనా జంటగా ఉండాలన్నది వాళ్ల పద్ధతి. దానికి తోడు అరకు కాఫీ. రెండూ మన నేల నుంచి వచ్చినవి, రెండూ తేలికైనవి, ఆయన విమానంలో తీసుకెళ్లగలిగినవి. పాలతో చేసిన మిఠాయిలు పెట్టలేదు. పాల పదార్థాలు దేశంలోకి తీసుకెళ్లడం మీద చైనా కస్టమ్స్‌లో ఆంక్షలు ఉన్నాయి. ఎంత బాగున్నా విమానాశ్రయంలో చెత్తబుట్టలో పడే కానుక ఎందుకు?

ఇక అంకెలు. ఇక్కడే మన అలవాటుకు, వాళ్ల అలవాటుకు సూటిగా ఎదురు తగులుతుంది. మనం చదివింపుల్లో వంద అయితే నూటొకటి, అయిదువందలైతే అయిదువందల ఒకటి ఇస్తాం. సున్నాతో ఆగకూడదు, ఒక రూపాయి కలిస్తే బంధం ముందుకు సాగుతుందని మన నమ్మకం. చైనాలో శుభకార్యానికి సరి సంఖ్య ఇస్తారు. చావింటికి తెల్ల కవరులో ఇచ్చే డబ్బే బేసి సంఖ్యలో ఉంటుంది, ఆ దుఃఖం జంటగా మళ్లీ రాకూడదని. అంటే మనం మంచి మనసుతో కలిపే ఆ ఒక్క రూపాయి, అక్కడ కవరు అర్థాన్నే మార్చేస్తుంది. పెళ్లి కుదిరిన అమ్మాయికి అత్తింటివాళ్లు పదివేల ఒకటి ఇచ్చే ఆచారం కొన్ని చోట్ల ఉందని, పదివేలమందిలో ఒక్కతెవని చెప్పడం దాని భావమని చెల్లి చెప్పింది. అది ఆ ఒక్క సందర్భానికే. పండగ కవరుకు సరి సంఖ్యే దారి.

సరి సంఖ్యల్లో మళ్లీ నాలుగు పనికిరాదు. నాలుగును 'స్సు' అంటారు, చావునూ దాదాపు అలాగే అంటారు, స్వరం ఒక్కటే తేడా. అక్కడ చాలా భవనాల్లో లిఫ్టు మీటలపై నాలుగో అంతస్తే కనపడదని చెల్లి చెబితే నాకు పట్టింపు ఎంత లోతుగా ఉందో అర్థమైంది. ఎనిమిదిని 'బా' అంటారు, సంపద పెరగడమనే 'ఫా'కు దగ్గరగా ఉంటుంది కాబట్టి అందరికీ ఇష్టం. ఆరు పనులు సాఫీగా సాగడానికి, తొమ్మిది చిరకాలం నిలవడానికి. తొమ్మిది బేసి అయినా మంచిదే. ఏడు విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో మాట, చనిపోయిన ఏడో రోజు కర్మతో దానికి సంబంధం ఉంది కనుక దాన్ని నేను ముట్టుకోలేదు.

అంకెల గురించి నాకు పని నేర్పింది మాత్రం కవరే. ఆ ఫ్యాక్టరీ తరఫున సీజనులో గుంటూరులో ఉండి సరుకు నాణ్యత చూసే కుర్రాడు ఒకడున్నాడు. వాడికింకా పెళ్లి కాలేదు. పండగకు ఇంటికి వెళ్లలేక ఇక్కడే ఉండిపోతున్నాడు. ఎర్ర కవరును వాళ్లు 'హోంగ్‌బావ్' అంటారు. పెద్దలు పిల్లలకు, యజమాని పనివాళ్లకు, పెళ్లయినవాళ్లు కానివాళ్లకు ఇస్తారు. సమాన హోదాలో ఉన్న భాగస్వామికి డబ్బు కవరు ఇవ్వకూడదు, అది ఆయన్ను తక్కువ చేసినట్టు. కాబట్టి యజమానికి వస్తువు, కుర్రాడికి కవరు.

మొత్తం ఎనిమిది వందలు అనుకున్నాను. క్యాషియరు నాలుగు రెండొందల నోట్లు తీసి కవరులో పెట్టబోయాడు. మొత్తం ఎనిమిది వందలే, నోట్లు మాత్రం నాలుగు. పోనీ అయిదొందల నోటు ఒకటి, వంద నోట్లు మూడు పెడదామా అంటే అవీ నాలుగే. చివరికి కొత్త వంద నోట్లు ఎనిమిది బ్యాంకు నుంచి తెప్పించాం. మొత్తం ఎనిమిది వందలు, నోట్లు ఎనిమిది, అన్నీ మడత పడనివి. నలిగిన నోటు కొత్త సంవత్సరం కవరులో పెట్టరు. ఆరు వందలైతే అయిదొందల నోటు ఒకటి, వంద ఒకటి పెడితే జత అవుతుంది, అదీ బాగుంటుంది. మొత్తాన్ని చూసి ఊరుకోకుండా నోట్లను లెక్కపెట్టాలన్నది ఇందులో గుర్తుంచుకోవాల్సింది.

కవరు కూడా చూసి కొనాలి. మన స్టేషనరీ దుకాణాల్లో దొరికే ఎర్ర శుభాకాంక్షల కవర్ల మీద ఒక రూపాయి నాణెం అతికించి ఉంటుంది. అదే నూటొకటి లెక్క. నాణెం పీకితే జిగురు మరక మిగులుతుంది. నాణెం లేని సాదా ఎరుపు కవర్లు కొని, బంగారు రంగుతో మా కంపెనీ పేరు మాత్రం అచ్చు వేయించాం.

కాఫీ దగ్గర మరో సందేహం వచ్చింది. ప్యాకెట్టు రెండు వందల యాభై గ్రాములది. మాండరిన్‌లో రెండు వందల యాభై అంటే తెలివితక్కువ మనిషి అని తిట్టు. ప్యాకెట్టు మీద పెద్ద అక్షరాల్లో 250 అని ఉంది. చెల్లిని అడిగితే, "తూకం తూకమే అన్నయ్యా, అక్కడ టీ డబ్బాల మీదా అదే ఉంటుంది. కవరులో అంత డబ్బు పెడితేనో, ధర అంత చెబితేనో నవ్వుతారు" అంది. అలాగే నాలుగు గురించీ అంత భయం అక్కర్లేదని చెప్పింది. వాళ్ల శుభాకాంక్షలు చాలావరకు నాలుగేసి అక్షరాల పదబంధాలే కదా! మనం లెక్కపెట్టి ఇచ్చే వస్తువుల్లో, డబ్బులో, నోట్లలో నాలుగు ఉండకూడదు, అంతవరకే. దుకాణంలో కాఫీ నాలుగు ప్యాకెట్ల పెట్టెగా అమ్ముతున్నారు. పెట్టెలు విప్పించి ఆరు ప్యాకెట్లు విడిగా తీసుకున్నాను. రెండు గుర్రాలు, ఆరు ప్యాకెట్లు, కలిపితే ఎనిమిది.

బొమ్మలు వచ్చినప్పుడు అట్టపెట్టె లోపల తెల్లటి థర్మోకోల్ ముక్కలు, వాటి మీద తెల్ల కాగితం చుట్టి ఉన్నాయి. తయారుచేసినవాళ్ల దృష్టిలో అది జాగ్రత్త. కానుక తెరిచేవాడికి ముందు కనపడేది మాత్రం తెలుపే. మొత్తం తీయించి, ఎర్రటి పలుచని కాగితం నలిపి నింపి, గుర్రాలను ఒకదానికొకటి తగలకుండా పసుపు గుడ్డలో చుట్టి పెట్టాం. లక్క పూత ఎండకు, రాపిడికి మసకబారుతుంది కాబట్టి గుడ్డ తప్పనిసరి. బయటి పెట్టె ఎరుపు, రిబ్బను బంగారు రంగు. ధర చీటీలు, బిల్లు లోపల లేకుండా ఇద్దరితో చూపించాను. తెలుపంటే అన్నిచోట్లా భయపడాలని కాదు. తెల్లటి ఫోను కొంటారు, తెల్లటి పింగాణీ కప్పులో టీ తాగుతారు. చుట్టిన కాగితం, కవరు, పూలు, రిబ్బను దగ్గరే ఆ రంగు చావును గుర్తు చేస్తుంది. పూలలో తెల్లవి, ఇంకా తెలుపు, పసుపు చామంతులు సమాధుల దగ్గర పెట్టేవి. మన ఇంటి గుమ్మానికి కట్టే చామంతి దండను ఆయన స్వాగతానికి వాడకుండా ఎర్ర గులాబీలు తెప్పించాం.

కార్డు మీద ఏం రాయాలన్నది కాస్త సమయం తీసుకుంది. బజారులో, ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనపడే 'గోంగ్ హే ఫాట్ చోయ్' హాంకాంగ్ వైపు మాట్లాడే కాంటనీస్ పలుకుబడి. మాండరిన్ మాట్లాడేవాడికి అదే మాట 'గోంగ్‌షీ ఫాత్సాయ్' అవుతుంది, అంటే సిరిసంపదలు కలగాలని. ఉత్తర చైనా మనిషికి అన్నిటికంటే నేరుగా తగిలేది 'షిన్‌నియెన్ క్వాయ్‌లె', కొత్త సంవత్సరం సంతోషంగా గడవాలని. దాని తర్వాత ఆ ఏటి జంతువుకు తగిన మాట ఒకటి చేర్చడం మర్యాద. గుర్రం సంవత్సరానికి 'మా దావ్ చెంగ్‌గోంగ్' అంటారు, గుర్రం చేరిన వెంటనే విజయం అన్న అర్థంలో. వ్యాపారికి ఇంతకంటే మంచి మాట ఏముంటుంది! ఆ పైన వ్యాపారం వృద్ధి కావాలని, కుటుంబమంతా సుఖంగా ఉండాలని. కార్డు మీదా, ఈమెయిల్‌లోనూ ఇదే పెట్టాం:

```
新年快乐!
祝您马到成功,生意兴隆,阖家幸福。
```

పైన ఆయన ఇంటిపేరు, దాని పక్కన 'జోంగ్'. యజమానులను, పెద్ద అధికారులను అలా పిలుస్తారు, మనం పేరు పక్కన గారు పెట్టినట్టు. రెండో వరుసలో 'నిన్' అన్న గౌరవ రూపం వాడాం, మామూలు 'నీ' కాదు. ఇవి ప్రధాన భూభాగంలో వాడే సరళ లిపిలో ఉన్నాయి. తైవాన్ వాళ్లకైతే సంప్రదాయ లిపిలో రాయాలి, అక్కడ గుర్రం అక్షరమే వేరేలా ఉంటుంది.

అచ్చు వేయించడంలో ఒక తిప్పలు వచ్చింది. ప్రింటింగు ప్రెస్సు కంప్యూటర్‌లో చైనా అక్షరాల ఫాంటు లేదు. మొదటి నమూనాలో కొన్ని అక్షరాల చోట ఖాళీ గళ్లు పడ్డాయి. గళ్లు కనపడతాయి కాబట్టి ఫర్వాలేదు. ఒక అక్షరం బదులు దానిలాంటి మరో అక్షరం పడితే మనకు తెలియదు, అదే అసలు ప్రమాదం. అందుకని చెల్లి దగ్గరే ఫాంటు ఇమిడ్చిన పీడీఎఫ్ తయారు చేయించి, ప్రెస్సులో దాన్ని టైపు చేయకుండా బొమ్మగానే అచ్చు వేయించాం. నమూనా ఫొటోను నాణ్యత చూసే కుర్రాడికి చూపించాం, వాడు అక్షరం అక్షరం చదివి సరేనన్నాకే మిగతావి వేయించాం. భాష రాని మనిషి కూడా ఒకటి చూసుకోవచ్చు: మొదటి వరుసలో అక్షరాలు నాలుగు, రెండో వరుసలో రెండు, ఆపైన నాలుగేసి చొప్పున మూడు జట్లు. లెక్క తప్పితే ఏదో ఊడిపోయిందన్నమాట.

కార్డు ఎరుపు, అక్షరాలు బంగారు రంగు. సంతకం నేను నల్ల సిరాతో చేశాను. ఎర్ర సిరాతో మనిషి పేరు రాయకూడదు, మరణశిక్షకు, తెగతెంపుల ఉత్తరానికి వాడే పద్ధతని పట్టింపు. ఎర్ర కాగితం మీద నల్ల అక్షరాలు ఉండొచ్చు, వాళ్ల గుమ్మాలకు అంటించే పండగ పద్యాలు చాలావరకు అలాగే ఉంటాయి. మా ఆఫీసులో పెట్టెల మీద పేర్లు ఎర్ర మార్కరుతో రాసే అలవాటుంది. ఆయనకు ఇచ్చే పెట్టె మీద, ఆయన చూసే శాంపిల్ సంచుల మీద నల్ల మార్కరే వాడమని ముందే చెప్పాను.

ఆయన వచ్చిన సాయంత్రం భోజనానికి ముందు పెట్టె ఇచ్చాం. రెండు చేతులతో పట్టుకుని, ఆయన ఆఫీసు అమ్మాయి కూడా పక్కనున్నప్పుడు. ఆయన వద్దు వద్దన్నారు, మళ్లీ ఇస్తే మళ్లీ చేయి అడ్డం పెట్టారు. అది నిజమైన నిరాకరణ కాదని, అత్యాశపరుడిగా కనపడకూడదని అలా చేస్తారని చెల్లి ముందే చెప్పి ఉండటంతో నేను చేయి వెనక్కి తీసుకోలేదు. మూడోసారి తీసుకుని తల వంచారు. పెట్టె మా ముందు విప్పలేదు, నేనూ విప్పమనలేదు. ఇచ్చినవారి ఎదుట విప్పడం అక్కడ మర్యాద కాదు. ఆఫీసు అమ్మాయికి కూడా కాఫీ ప్యాకెట్లు రెండు ఎర్ర సంచిలో ఇచ్చాం. యజమానికి ఇచ్చినదానికంటే చిన్నది, అయినా ఆమెను వదిలేయలేదు. ఆయన మాకు షాండాంగ్ టీ డబ్బా ఒకటి తెచ్చారు. నేనూ దాన్ని అక్కడ విప్పకుండా రెండు చేతులతో అందుకున్నాను.

భోజనంలో మాటల మధ్య ఆయన పుట్టింది 1978లో అని తెలిసింది. అంటే గుర్రం సంవత్సరం. ఇది మీ సంవత్సరమే, ఇక మీకు తిరుగులేదని మనం అనేస్తాం. వాళ్ల నమ్మకం దీనికి ఎదురు. తన జంతువు మళ్లీ వచ్చే ప్రతి పన్నెండో ఏడు ఆ మనిషికి గండాలుండే ఏడు. దాన్ని దాటడానికి ఏడాదంతా ఎర్ర బెల్టో, ఎర్ర సాక్సో, ఎర్ర దారమో వేసుకుంటారు. అందుకని నేను అభినందనలు చెప్పకుండా, ఆరోగ్యం జాగ్రత్త అని, ఏడాదంతా క్షేమంగా గడవాలని అన్నాను. ఆయన కాలు కాస్త ముందుకు చాపి ఎర్ర సాక్సు చూపించి నవ్వారు. పండగకు ఇంకా రోజులున్నా అప్పుడే మొదలుపెట్టారు! మేము ఇచ్చిన పెట్టె ఎరుపు, గుర్రాలు ఎరుపు, టోపీ ఎరుపు. ఇది ముందే తెలిసి ఏర్పాటు చేసినది కాదు, అయినా ఆయనకు చాలా నచ్చిందని ఆఫీసు అమ్మాయి తర్వాత రాసింది.

కార్డు, కానుక ముందే ఇచ్చినా శుభాకాంక్షలు మాత్రం పండగ నాడే చెప్పాలి. ముందురోజు రాత్రి, ఫిబ్రవరి 16న, ఇంటిల్లిపాదీ కలిసి భోజనం చేస్తారు, అర్ధరాత్రి దాకా మేలుకుంటారు. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు ముందు. వాళ్లకు పన్నెండు కొట్టేసరికి మనకు రాత్రి తొమ్మిదిన్నర. మన అర్ధరాత్రికి పంపితే అక్కడ తెల్లవారుజామున రెండున్నర అవుతుంది. అందుకని ఈమెయిల్‌ను ఆ సాయంత్రం ఏడున్నరకు వెళ్లేలా పెట్టాను, అక్కడ పది, అందరూ ఇంట్లో ఉండే వేళ. అందులో సరుకు మాట, ధర మాట, బాకీ మాట ఒక్కటీ రాయలేదు. పాత బాకీలు పండగలోపు తీర్చేసుకోవడం అక్కడి సంప్రదాయం, కాబట్టి మేము ఇవ్వాల్సిన చిన్న క్లెయిము మొత్తాన్ని జనవరిలోనే సర్దేశాం. మేము అడగాల్సినదాన్ని సెలవులు అయ్యేదాకా అడగలేదు. ఏ కారణం చేతనైనా ఆ రాత్రి పంపలేకపోతే కంగారు లేదు. పదిహేనో రోజు లాంతర్ల పండగ దాకా, అంటే మార్చి 3 దాకా, శుభాకాంక్షలు చెల్లుతాయి.

కుర్రాడికి కవరు 17 పొద్దున ఇచ్చాం. మా ఇంట్లోనే భోజనం పెట్టాం. వాడూ కవరు విప్పలేదు. మా అమ్మ మాత్రం వాడు దిండు కింద పెట్టుకోవాలని పట్టుబట్టింది, పిల్లలు అలా చేస్తారని చెల్లి దగ్గర విన్నదట. వాడు నవ్వి, తన ఊళ్లో చిన్నప్పుడు అలాగే చేసేవాణ్ణని ఫోనులో అనువదించి చూపించాడు.

ఫ్యాక్టరీ తెరిచే రోజుకు మరో మాట ఉంది. సెలవుల తర్వాత మొదటి పనిదినానికి 'ఖాయ్‌గోంగ్ దాజీ' అంటారు, పని మొదలు శుభంగా సాగాలని. ఈసారి సెలవులు ముగిసిన మర్నాడు, ఫిబ్రవరి 24, వాళ్ల నెలలో ఎనిమిదో రోజు. ఎనిమిది కలిసొచ్చే అంకె కాబట్టి చాలామంది ఆ రోజునే తలుపులు తీస్తారు. ఆ పొద్దున ఒక్క వరుస పంపాం:

```
开工大吉!
```

పండగ నాటి మాట అందరూ పంపుతారు, ఆయనకు వచ్చే సందేశాల్లో వందల్లో ఒకటిగా పోతుంది. ఈ మాట బయటి దేశం నుంచి పంపేవాళ్లు తక్కువ. మధ్యాహ్నానికి ఆయన నుంచి జవాబు వచ్చింది, ఆఫీసు అమ్మాయి ద్వారా కాకుండా నేరుగా, చైనా భాషలోనే. రెండు ఎర్ర గుర్రాలు ఆయన బల్ల వెనక అరలో పక్కపక్కన నిలబడి ఉన్న ఫొటో కూడా జతచేశారు. శాంపిళ్లు, తేమ శాతం, తొడిమ తీసిన సరుకు ధర అన్నీ అడిగిన ఈమెయిల్ మర్నాడు విడిగా వచ్చింది. మేమూ అప్పుడే ధరలు పంపాం.

వచ్చే ఏడాది వాళ్ల కొత్త సంవత్సరం 2027 ఫిబ్రవరి 6న, మేక సంవత్సరం. ఇంకా ముందుకు జరిగింది, మన కొత్త పంట ఊపందుకునే లోపే వాళ్లకు సెలవులు వచ్చేస్తాయి. ఏటికొప్పాక బొమ్మలకు ఆర్డరు డిసెంబరు మొదట్లోనే ఇవ్వాలని, కార్డు పీడీఎఫ్‌లో గుర్రం మాట తీసి మేకకు తగిన మాట పెట్టించాలని, ప్యాకింగుకు ఎర్ర కాగితం ముందే కొని ఉంచాలని ఆఫీసు పుస్తకంలో రాసి పెట్టాను. సింగపూర్‌లో మాండరిన్ మాట్లాడే కొత్త కొనుగోలుదారు ఒకరు కలిశారు. అక్కడ పండగకు ఇంటికి వెళ్తే కమలాలు జతగా చేతిలో పెట్టి శుభాకాంక్షలు చెబుతారట. వాళ్ల పట్టింపులు షాండాంగ్ వాళ్ల పట్టింపులతో ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కలవవో అక్కడివాళ్లను అడిగాకే ఆ పెట్టె కడతాం.